సీసీ సగమే, హార్స్‌పవర్ మాత్రం దాదాపు సమానం: ఏ అంకె చూసి బండి కొనాలి?

ప్రశ్న: మాది విజయవాడ. రోజూ ఆఫీసుకు సిటీ ట్రాఫిక్‌లో వెళ్ళిరావాలి. నెలకోసారి మా ఆవిడను ఎక్కించుకుని దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తుంటాను. రెండు బళ్ళు నచ్చాయి: రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, యమహా ఎంటీ-15. కాగితం మీద మొదటిది 349 సీసీ, 20.2 బీహెచ్‌పీ, 27 ఎన్ఎం. రెండోది 155 సీసీ, 18.4 పీఎస్, 14.1 ఎన్ఎం. సీసీలో సగం కూడా లేని బండికి హార్స్‌పవర్ దాదాపు అంతే ఎలా వచ్చింది? టార్క్ చూస్తేనేమో సగమే. షోరూమ్‌లో ఒకాయన టార్కే ముఖ్యమంటాడు, మా తమ్ముడు పవరే ముఖ్యమంటాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ఇద్దరి మాటా సగమే నిజమండీ. మిగతా సగం మీరు ఉత్తరంలో రాయకుండా వదిలేసిన అంకెల్లో ఉంది. ఆ కాగితం మళ్ళీ ఒకసారి తీసి చూడండి. ప్రతి పవర్ అంకె పక్కన, ప్రతి టార్క్ అంకె పక్కన ఒక ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే అంకె, రాసి ఉంటుంది. క్లాసిక్‌లో 20.2 బీహెచ్‌పీ వచ్చేది 6100 ఆర్‌పీఎం దగ్గర, 27 ఎన్ఎం వచ్చేది 4000 దగ్గర. ఎంటీ-15లో 18.4 పీఎస్ వచ్చేది 10000 దగ్గర, 14.1 ఎన్ఎం వచ్చేది 7500 దగ్గర. బండి స్వభావమంతా ఈ ఆర్‌పీఎంల్లోనే ఉంటుంది. వాటిని వదిలేసి పెద్ద అంకెలు మాత్రమే పోల్చుకుంటే మీకు వచ్చిన సందేహమే అందరికీ వస్తుంది.

ముందు సీసీ సంగతి చూద్దాం. సిలిండర్ లోపల పిస్టన్ కింది కొస నుంచి పై కొస దాకా కదిలే ఖాళీ ఎంత ఉందో చెప్పేదే సీసీ. సిలిండర్ వెడల్పును బోర్ అంటారు, పిస్టన్ కదిలే దూరాన్ని స్ట్రోక్ అంటారు. క్లాసిక్ బోర్ 72 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 85.8. ఎంటీ-15 బోర్ 58, స్ట్రోక్ 58.7. బోర్‌లో సగాన్ని దానితోనే గుణించి, 3.1416తో, ఆపైన స్ట్రోక్‌తో గుణిస్తే ఖాళీ ఎంతో తెలుస్తుంది. సెంటీమీటర్లలో లెక్క వేస్తే మొదటిదానికి 349, రెండోదానికి 155 వస్తాయి. కావాలంటే మీరే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి చూసుకోవచ్చు. అంటే సీసీ బలాన్ని కొలిచే అంకె కాదు, ఇంజన్ ఒక్కో గుటకలో ఎంత గాలి పీల్చగలదో చెప్పే అంకె. పీల్చిన గాలికి తగినంత పెట్రోలే కాలుతుంది, కాలినదానికి తగినంతే పిస్టన్ మీద ఒత్తిడి పడుతుంది.

పిస్టన్ పైకీ కిందికీ కదలడాన్ని గుండ్రంగా తిరగడంగా మార్చే ఇరుసును క్రాంక్ అంటారు. ఆ ఒత్తిడి క్రాంక్‌ను తిప్పే బలమే టార్క్. నట్టు విప్పేటప్పుడు పానా పొడవు ఎక్కువుంటే సులువు కదా, ఇక్కడా అదే లెక్క. ఒక మీటరు పొడవున్న పానా చివర ఒక న్యూటన్ బలంతో నొక్కితే నట్టు మీద పడేది ఒక న్యూటన్ మీటరు, మనం ఎన్ఎం అని రాసేది అదే. ఒక న్యూటన్ అంటే చేతిలో సుమారు వంద గ్రాముల బరువు పెట్టుకున్నప్పుడు తెలిసే బలం. 27 ఎన్ఎం అంటే మీటరు పానా చివర రెండు కిలోల ముప్పావు బరువు వేలాడదీసినంత. వినడానికి చాలా తక్కువ అనిపిస్తుంది. ఇంత చిన్న బలం రెండు క్వింటాళ్ళ బండిని లాగుతోందంటే మధ్యలో గేర్లు ఉన్నాయి కాబట్టే. ఆ సంగతి తరవాత చెప్తాను, అసలు విషయం అక్కడే ఉంది.

టార్క్‌కు సీసీకి చాలా దగ్గర బంధం ఉంది. క్లాసిక్ 27ను 349తో భాగిస్తే ఒక్కో సీసీకి 0.077 ఎన్ఎం వస్తుంది. ఎంటీ-15లో 14.1ని 155తో భాగిస్తే 0.091. టర్బో లాంటివి లేని మామూలు పెట్రోల్ బైక్ ఇంజన్లు చాలామటుకు ఈ చుట్టుపక్కలే ఉంటాయి, ఎందుకంటే మామూలు గాలి పీల్చే సిలిండర్‌లో పిస్టన్ మీద సగటు ఒత్తిడిని పెంచడానికి ఒక హద్దు ఉంది. అందుకే టార్క్ పెంచాలంటే కంపెనీకి ఉన్న సూటి దారి సీసీ పెంచడమే. ఒక్కో సీసీ లెక్కన చూస్తే మాత్రం ఎంటీ-15 ఇంజనే గట్టిది. దానికి గాలి, పొగ వచ్చిపోయే వాల్వులు నాలుగు, నీళ్ళతో చల్లబరిచే ఏర్పాటు, 11.6కి 1 కంప్రెషన్, అంటే పీల్చిన గాలిని 11.6వ వంతుకు నొక్కే ఏర్పాటు, ఉన్నాయి. క్లాసిక్‌కు రెండే వాల్వులు, గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడుతుంది, కంప్రెషన్ 9.5కి 1. చిన్న ఇంజన్‌లోంచి ఎక్కువ పిండారు, పెద్ద ఇంజన్‌ను తీరిగ్గా పనిచేయనిచ్చారు.

ఇక్కడ బళ్ళ పిచ్చోళ్ళు గట్టిగా నమ్మే మాట ఒకటుంది: స్ట్రోక్ పొడవుంటేనే టార్క్ వస్తుందని. పొడవైన స్ట్రోక్ అంటే పొడవైన క్రాంక్, దాంతో తిప్పడం సులువు అని వాళ్ళ వాదన. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. కానీ సీసీ మారకుండా స్ట్రోక్ పెంచాలంటే బోర్ తగ్గించక తప్పదు. బోర్ తగ్గితే పిస్టన్ తల వైశాల్యం తగ్గుతుంది, దాని మీద పడే మొత్తం బలం తగ్గుతుంది. ఒక చేత్తో వచ్చింది ఇంకో చేత్తో పోతుంది. చివరికి టార్క్‌ను నిర్ణయించేవి మొత్తం సీసీ, లోపలి సగటు ఒత్తిడి, అంతే. క్లాసిక్ కింది ఆర్‌పీఎంల్లో బాగా లాగుతుందంటే ప్రధాన కారణం అది 349 సీసీ కావడం, దాని వాల్వులు, వాటిని తెరిచే క్యామ్ కింది వేగాలకు తగ్గట్టు అమర్చడం. స్ట్రోక్ పొడవు వల్ల నిజంగా వచ్చే మార్పు వేరే చోట ఉంది, దానికి కూడా వస్తాను.

ఇప్పుడు హార్స్‌పవర్. టార్క్ అనేది ఒక్క తిప్పులో ఉన్న బలం. హార్స్‌పవర్ ఆ బలంతో ఎంత తొందరగా పని జరుగుతోందో చెప్తుంది. 75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు పైకెత్తితే అది ఒక పీఎస్. బీహెచ్‌పీ కూడా హార్స్‌పవర్ కొలతే, పీఎస్ కంటే కాస్త పెద్దది. అదే బరువును అంతే ఎత్తుకు రెండు సెకన్లలో ఎత్తితే జరిగిన పని అంతే, పవర్ మాత్రం సగం. ఇంజన్‌లో ఈ తొందరను చెప్పేది ఆర్‌పీఎం. మన ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి పెట్రోల్ మండుతుంది. క్లాసిక్ 4000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2000 సార్లు మండుతుంది. ఎంటీ-15 7500 దగ్గర 3750 సార్లు. ఒక్కో దెబ్బ చిన్నదే అయినా దాదాపు రెట్టింపు సార్లు పడుతుంది.

అందుకే టార్క్, ఆర్‌పీఎం తెలిస్తే పవర్‌ను మనమే లెక్కేసుకోవచ్చు. కంపెనీ విడిగా చెప్పక్కర్లేదు.

బీహెచ్‌పీ = ఎన్ఎం × ఆర్‌పీఎం ÷ 7121

పీఎస్‌లో కావాలంటే 7121 బదులు 7024తో భాగించండి. క్లాసిక్‌లో 4000 దగ్గర 27 ఎన్ఎం ఉంది కాబట్టి అక్కడ పవర్ 15.2 బీహెచ్‌పీ. ఎంటీ-15లో 7500 దగ్గర 14.1 ఎన్ఎం ఉంది, అంటే 14.9 బీహెచ్‌పీ. రెండూ తమ తమ టార్క్ శిఖరం మీద ఉన్నప్పుడు ఇంచుమించు ఒకే పవర్ ఇస్తున్నాయి! ఇదే లెక్కను తిప్పి వేస్తే కాగితంలో లేని అంకెలు కూడా బయటపడతాయి. క్లాసిక్ 6100 దగ్గర 20.2 బీహెచ్‌పీ ఇస్తోందంటే అక్కడ టార్క్ 23.6 ఎన్ఎంకు తగ్గింది. టార్క్ తగ్గినా ఆర్‌పీఎం అంతకంటే ఎక్కువ పెరిగింది కాబట్టి పవర్ పెరిగింది. ఎంటీ-15 10000 దగ్గర 12.9 ఎన్ఎం ఇస్తోంది. సీసీలో సగం కూడా లేని బండికి దాదాపు అంత పవర్ ఎలా వచ్చిందన్న మీ ప్రశ్నకు జవాబు ఇదే. దెబ్బ సగమే, కానీ ఎక్కువ సార్లు కొడుతోంది.

మరి క్లాసిక్‌ను కూడా 10000 దాకా తిప్పి ముప్పై హార్స్‌పవర్ తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. ఇక్కడే స్ట్రోక్ పొడవు అడ్డం వస్తుంది. క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోగా పిస్టన్ పైకి ఒకసారి, కిందికి ఒకసారి వెళ్ళాలి. క్లాసిక్‌లో అది ప్రతి చుట్టుకూ 171.6 మిల్లీమీటర్లు. 6100 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటున సెకనుకు 17.4 మీటర్లు కదులుతోంది. ఎంటీ-15లో స్ట్రోక్ చిన్నది కాబట్టి 10000 దగ్గర కూడా సెకనుకు 19.6 మీటర్లే. ఆర్‌పీఎంలో అంత తేడా ఉన్నా లోపల పిస్టన్లు పరిగెత్తే వేగంలో పెద్ద తేడా లేదు. క్లాసిక్‌ను బలవంతంగా 10000 తిప్పితే పిస్టన్ వేగం 28.6 మీటర్లకు పోతుంది. ప్రతి కొసలో ఆగి వెనక్కి తిరగాల్సిన పిస్టన్, దాన్ని పట్టుకున్న కనెక్టింగ్ రాడ్ రోజువారీ బండిలో ఆ ఒత్తిడికి నిలవవు. గాలి కూడా ఆ రెండు వాల్వుల్లోంచి అంత తొందరగా లోపలికి రాలేదు. కాబట్టి బోర్ కంటే స్ట్రోక్ బాగా పెద్దదైన ఇంజన్ కాగితం మీద కనిపిస్తే, ఇది కింది ఆర్‌పీఎంల బండి అని అక్కడికక్కడే అనుకోవచ్చు. ఎంటీ-15లో ఆ రెండూ దాదాపు సమానం, అందుకే దానికి పైకి తిరిగే వీలుంది.

ఇక గేర్ల దగ్గరికి వద్దాం. మీరు కాగితం మీద చూసే టార్క్ క్రాంక్ దగ్గరిది. రోడ్డును నెట్టేది వెనక చక్రం. మధ్యలో ప్రైమరీ గేరు, గేర్‌బాక్స్, చైన్ స్ప్రాకెట్ అన్నీ కలిసి ఆర్‌పీఎంను తగ్గిస్తాయి, తగ్గించినంత మేర టార్క్‌ను పెంచుతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగం తీసుకోండి. క్లాసిక్ వెనక టైరు 120/80-18. దాని చుట్టుకొలత రెండు మీటర్లకు కాస్త పైన, అంటే 60లో చక్రం నిమిషానికి దాదాపు 490 చుట్లు తిరుగుతుంది. ఎంటీ-15 టైరు 140/70-17, కొంచెం చిన్నది, దాదాపు 507 చుట్లు.

ఈ 60 వేగంలో రెండు బళ్ళూ తమ టార్క్ శిఖరం మీద ఉండేలా మధ్య గేరులో ఉన్నాయని అనుకుందాం. క్లాసిక్ ఇంజన్ 4000 తిరుగుతుంటే చక్రం 490 తిరుగుతోంది, అంటే మధ్యలో 8.16 రెట్ల తేడా. చక్రం దగ్గర టార్క్ 27 ఇంటూ 8.16, దాదాపు 220 ఎన్ఎం. ఎంటీ-15 ఇంజన్ 7500, చక్రం 507, తేడా 14.8 రెట్లు. చక్రం దగ్గర 14.1 ఇంటూ 14.8, దాదాపు 209 ఎన్ఎం. చైన్, గేర్లలో రాపిడికి పోయేది రెండింటిలోనూ ఉంటుంది, దాన్ని పక్కన పెట్టాను. కాగితం మీద సగమున్న టార్క్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి సమానమైపోయింది. ఇందులో మాయేమీ లేదు. ఆ క్షణంలో రెండింటి పవర్ సమానం కాబట్టి, ఒకే వేగంలో అవి రోడ్డును నెట్టే బలం కూడా సమానం. ఈ లెక్క వరకు మీ తమ్ముడే రైటు.

పైగా బరువు కూడా చూడాలి. క్లాసిక్ పెట్రోల్‌తో కలిపి 195 కిలోలు, ఎంటీ-15 సుమారు 140. 70 కిలోల మనిషి ఒక్కడే ఎక్కితే 265కి 210. నెట్టే బలం ఒకటే, మోయాల్సింది తక్కువ కాబట్టి చిన్న బండే ముందు దూకుతుంది, తేడా ఐదో వంతుకు పైనే ఉంటుంది. ఇద్దరెక్కితే తేడా కొంత తగ్గుతుంది గానీ పోదు. కాగితంలో కెర్బ్ వెయిట్ అన్న వరుస చివర్లో ఎక్కడో ఉంటుంది, చాలామంది అక్కడిదాకా చదవరు. నన్నడిగితే హార్స్‌పవర్ చూసిన వెంటనే దాన్నే చూడాలి.

అయితే షోరూమ్ ఆయన చెప్పింది తప్పా అంటే, కాదు. నేను పైన వేసిన లెక్కలో ఎంటీ-15 ఎప్పుడూ 7500 దగ్గర ఉందనుకున్నాం. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఎవరూ 7500 మీద బండి నడపరు. సాధారణంగా మన చెయ్యి 3000, 4000 దగ్గరే హాయిగా ఉంటుంది, శబ్దం తక్కువ, పెట్రోల్ పొదుపు. ఆ ఆర్‌పీఎంలో ఎవరి దగ్గర ఎంత ఉందన్నదే రోజువారీ సుఖాన్ని నిర్ణయిస్తుంది. దీన్ని మీ శ్రీశైలం ఘాట్‌తోనే చూద్దాం.

వంద మీటర్లు ముందుకెళ్తే ఏడు మీటర్లు పైకెక్కే వాలు అనుకోండి. మీరిద్దరూ కలిపి 150 కిలోలు, వేగం గంటకు 40. క్లాసిక్‌తో కలిపి మొత్తం 345 కిలోలను ఆ వాలు మీద లాగడానికి, గాలిని, టైర్ల రాపిడిని తట్టుకోవడానికి కలిపి చక్రం దగ్గర సుమారు 5 హార్స్‌పవర్ చాలు. ఎంటీ-15తో 290 కిలోలు కాబట్టి సుమారు 4 చాలు. గమనించండి, ఘాట్ ఎక్కడానికి పెద్ద పవర్ అక్కర్లేదు. రెండు బళ్ళూ ఎక్కుతాయి, అందులో సందేహం పెట్టుకోవద్దు. తేడా ఏమిటంటే ఆ నాలుగైదు పోగా చేతిలో ఇంకెంత మిగిలింది అన్నది. ముందు లారీ వెళ్తోంది, దారి కనిపించింది, దాటాలి. అప్పుడు పనికొచ్చేది ఆ మిగులే.

కింది ఆర్‌పీఎంలలో టార్క్ ఎంతో కంపెనీలు కాగితంలో రాయవు, అందుకే లెక్క కోసం నేను రెండు అంకెలు అనుకుంటున్నాను. క్లాసిక్ 3000 దగ్గర 25 ఎన్ఎం ఇస్తోందనుకుంటే పవర్ 10.5 బీహెచ్‌పీ. 5 వాలుకు పోయినా ఇంకా అంతే మిగిలింది. గేరు మార్చకుండానే చెయ్యి తిప్పితే బండి లాగుతుంది. ఎంటీ-15 4000 దగ్గర 11 ఎన్ఎం ఇస్తోందనుకుంటే పవర్ 6.2. వాలుకు 4 పోతే మిగిలింది రెండే. అక్కడ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా లారీని దాటలేరు, మీకు బండిలో పికప్ లేదు అనిపిస్తుంది. పికప్ ఉంది, మీరు ఉన్న ఆర్‌పీఎంలో లేదు, అంతే. ఒక గేరు, అవసరమైతే రెండు గేర్లు దించి ఇంజన్‌ను 6000 దాటిస్తే టార్క్ 13 దాకా వచ్చిందనుకున్నా 11 బీహెచ్‌పీ అవుతుంది, మిగులు ఏడుకు పోతుంది. బండి ఒక్కసారిగా మేల్కొంటుంది. ఎంటీ-15లో దాదాపు 7400 దగ్గర వాల్వ్ తెరుచుకునే తీరును మార్చే వీవీఏ అనే ఏర్పాటు కూడా ఉంది. పై ఆర్‌పీఎంల్లో ఊపిరి ఆడేందుకు దాన్ని పెట్టారు. ఆరు గేర్లు ఇచ్చింది కూడా ఇందుకే, ఇంజన్‌ను దానికి ఇష్టమైన చోట ఉంచుకోవడానికి. క్లాసిక్‌కు ఐదు చాలాయి.

ఘాట్‌లో తప్పు గేరులో ఉన్నారని ఎలా తెలుస్తుందంటే, చెయ్యి తిప్పుతుంటే వేగం పెరగకుండా శబ్దం మాత్రం బరువెక్కుతుంది, చైన్ దడదడమని కుదుపుతుంది, కాలి కింద ఫుట్‌రెస్ట్ అదురుతుంది. ఇంజన్ లోపల గులకరాళ్ళు కొట్టుకున్నట్టు టకటక వినిపిస్తే ఇంకా ఆలస్యం చేయకుండా గేరు దించాలి, అలా లాగిస్తే ఇంజన్‌కు దెబ్బ. ఇది ఏ బండికైనా వర్తిస్తుంది, క్లాసిక్‌లో టార్క్ ఉంది కదా అని టాప్ గేరులో 35 మీద వాలు ఎక్కించేవాళ్ళకు కూడా.

కాగితం చెప్పని ఇంకో సంగతి ఫ్లైవీల్, అంటే క్రాంక్‌తో పాటు తిరిగే బరువైన చక్రం. బరువైన క్రాంక్, ఫ్లైవీల్ ఉన్న ఇంజన్ క్లచ్ వదిలినప్పుడు తొందరగా ఆగిపోదు, అందులో నిలవున్న ఊపు బండిని కదిలిస్తుంది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ వదిలితే బండి తనంతట తాను కదిలే ఆ నింపాదితనాన్ని కూడా చాలామంది టార్క్ ఖాతాలోనే వేస్తారు. ఎన్ఎం అంకెలో అది కనిపించదు. నడిపి చూస్తేనే తెలుస్తుంది.

కాగితం చదివేటప్పుడు ప్రమాణాలు కూడా చూసుకోండి. మీరే ఒక బండికి బీహెచ్‌పీ, ఇంకో బండికి పీఎస్ రాశారు. పీఎస్ అంకె ఎప్పుడూ కొంచెం పెద్దగా కనిపిస్తుంది. క్లాసిక్ 20.2 బీహెచ్‌పీని పీఎస్‌లో రాస్తే 20.5 అవుతుంది, ఎంటీ-15 18.4 పీఎస్‌ను బీహెచ్‌పీలో రాస్తే 18.1 అవుతుంది. కొందరు కిలోవాట్లలో రాస్తారు, దాన్ని 1.34తో గుణిస్తే బీహెచ్‌పీ. పాత బళ్ళ కాగితాల్లో టార్క్ కేజీఎంలో ఉంటుంది, దాన్ని 9.8తో గుణిస్తే ఎన్ఎం.

సీసీ అంకెకు ఇంజన్ బయట కూడా ఒక పని ఉంది, జేబుకు సంబంధించింది కాబట్టి చెప్తున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ళ మీద జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. 349 అన్న అంకె ఆ గీతకు ఇవతలే ఉంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రేట్లు కూడా సీసీ తరగతులను బట్టే ఉంటాయి. 150 దాటి 350 దాకా ఒకటే తరగతి, కాబట్టి సీసీలో ఇంత తేడా ఉన్నా మీ రెండు బళ్ళకూ ఆ ప్రీమియం ఒకటే.

మీ అవసరానికి నేనైతే క్లాసిక్ వైపే మొగ్గుతాను. 27 అనేది 14 కంటే పెద్దదని కాదు, ఆ బలం 3000, 4000 మధ్య, మీరు సిటీలోనూ ఘాట్‌లోనూ ఇద్దరితో ఉండే చోటే దొరుకుతుంది కాబట్టి. మీ ఆవిడ వెనక గంటల తరబడి కూర్చోవాలి, ఎంటీ-15 వెనక సీటు చిన్నది, ఎత్తుగా ఉంటుంది, దాన్ని ఏ హార్స్‌పవరూ పూడ్చదు. అదే మీరు ఎక్కువగా ఒక్కరే వెళ్ళేవారైతే, గేర్లు మార్చడం మీకు విసుగు కాకుండా సరదా అయితే, నా సలహా తిరగబడుతుంది. ట్రాఫిక్‌లో 55 కిలోల తేడా చిన్నది కాదు.

టెస్ట్ రైడ్‌కు మీ ఆవిడను కూడా తీసుకెళ్ళండి, ఒక్కరే వెళ్ళి వస్తే మీకు కావాల్సింది తెలియదు. ఇద్దరూ ఎక్కి, మూడో గేరులో 30 దగ్గర నుంచి కుదుపు లేకుండా మెల్లగా చెయ్యి తిప్పుకుంటూ 60 దాకా రండి. తరవాత దగ్గర్లో ఉన్న ఫ్లైఓవర్ ఎక్కుతూ అదే చేయండి. ఎంటీ-15 మీద మాత్రం దీన్ని రెండుసార్లు చేయాలి: ఒకసారి అదే గేరులో, ఒకసారి ఒక గేరు దించి 7000 దాటేదాకా. ఆ రెండోసారి వచ్చే శబ్దం, ఊపు మీకు నచ్చితే ఆ బండి మీకు సరిపోతుంది. ఇంజన్ అరుస్తోందని భయమేసి చెయ్యి వదిలేస్తే, మీరు డబ్బు పెట్టి కొనే 18.4లో సగాన్ని ఎప్పటికీ వాడరు. దిగాక, ఇంజన్ ఆపేసి, రెండు బళ్ళనూ షోరూమ్ ర్యాంప్ మీద వెనక్కి నెట్టి చూడండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రోజూ చేయాల్సిన పని అదే.